వ్రతానికి అందదు, క్షమించండి

మా వదిన మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. దుకాణమంటే ఇంటి ముందు గది, రెండు బీరువాలు, ఒక ఫోను. పోయిన శ్రావణంలో 38 ఆర్డర్లు గడువు దాటిపోయాయి. వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది రోజులే ఉంది. "నాలుగు ముక్కలు రాసిపెట్టు, అందరికీ పంపించేస్తాను" అని నన్ను కూర్చోబెట్టింది.

అప్పటికే తనొక చిత్తు రాసుకుంది. "వర్షాలు, కొరియర్ ఇబ్బందుల వంటి మా చేతిలో లేని కారణాల వల్ల డెలివరీలు కాస్త ఆలస్యమవుతున్నాయి. మీ ఓపికకు ధన్యవాదాలు." ఎంత చదివినా, డబ్బు కట్టినావిడకు తన చీర ఎప్పుడొస్తుందో అందులో దొరకదు. పైగా ఓపిక పడతామని వాళ్లు అనకముందే ధన్యవాదాలు చెప్పేయడమంటే నాకు ఒళ్లుమంట.

రాయడం ఆపి లెక్క చూశాం. 14 చీరలు పొట్లాలు కట్టి గది మూలనే ఉన్నాయి. వీటికి "పంపించాం" అని మెసేజ్‌లు ఎప్పుడో వెళ్లిపోయాయి! లేబుల్ ప్రింట్ తీయగానే ట్రాకింగ్ నంబరు పుడుతుంది. వదిన వాడే సాఫ్ట్‌వేర్ దాన్నే పంపినట్టు లెక్కేసి మెసేజ్ కొట్టేస్తుంది. మూడు రోజులుగా కొరియర్ మనిషి రాలేదు. ట్రాకింగ్ తెరిస్తే 'లేబుల్ తయారైంది' అన్న ఒక్క లైనే కనిపిస్తుంది. పొట్లం చేతికి తీసుకుని స్కాన్ చేస్తేగానీ రెండో లైను పడదు. మీరు కొన్న వస్తువుకు ఆ రెండో లైను రాలేదంటే, అది చాలావరకు ఇంకా అమ్మినవాళ్ల ఇంట్లోనే ఉన్నట్టు.

ఇంకో 17 చీరలు మగ్గం మీదున్నాయి. మిగిలిన ఏడింటికి పడుగే ఎక్కలేదు.

వాన మాట నిజమే. తేమకు పడుగుకు పట్టించిన గంజి మెత్తబడి పోగులు అతుక్కుంటాయి, ఊరికే తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ అతికాకే నేత ముందుకు సాగేది. వదినకు నేసిచ్చేవాళ్లు రెండు రోజుల్లో దించే చీర ఆ వారం మూడు రోజులు పడుతోంది. నాలుగు మగ్గాల మీద 17 చీరలంటే మగ్గానికి నాలుగో ఐదో. ఆఖరి చీర దిగేసరికి 15 రోజులు, కొరియర్‌కు ఇంకో మూడు. మగ్గానికి మొదటి చీర మాత్రం ఆరో రోజుకు ఇల్లు చేరుతుంది. రెండోది సరిగ్గా వ్రతం నాటికి చేరాలి, దాన్ని నమ్ముకోలేం. అంటే నాలుగు చీరలు అందుతాయి, 13 అందవు.

ఆ 13 మందికి 'అందదు' అనే మాటే రాద్దామన్నాను.

"అలా రాస్తే అందరూ డబ్బు వెనక్కి అడగరూ?"

"అడుగుతారు వదినా. ఇప్పుడు చెబితే వేరే చీరైనా కొనుక్కుంటారు. పండగ ముందురోజు తెలిస్తే తిడతారు, డబ్బూ అడుగుతారు."

'మా చేతిలో లేని కారణాలు' కొట్టేశాం. శ్రావణంలో వాన పడుతుందని ఎవరికి తెలీదు? తెలిసీ వారంలో ఇస్తామని సైటులో పెట్టడం మన తప్పే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలూ చెప్పిన గడువు దాటి సరుకు వస్తే వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి వీల్లేదంటాయి. ఎవరూ ఆపలేని విపత్తుకు మినహాయింపుంది గానీ, ఏటా వచ్చే ముసురును ఆ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పలేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి అన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

చివరికి ఆ 13 మందికి వెళ్లింది ఇది: "మీ చీర మగ్గం మీద ఉంది. వ్రతానికి అందదు, క్షమించండి. వానాకాలంలో నేత నెమ్మదిస్తుందని తెలిసీ వారం గడువు పెట్టడం మా పొరపాటు. ఈ రోజు నుంచి 20 రోజుల్లో మీ ఇంటికి చేరుతుంది. ఆగలేకపోతే మా దగ్గర సిద్ధంగా ఉన్న చీర ఎంచుకోవచ్చు, లేదా డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. మీరు చెప్పిన రోజే మేం పంపుతాం. మీ ఖాతాలో పడటానికి 5 నుంచి 7 పనిదినాలు పట్టవచ్చు. శుక్రవారం సాయంత్రం మళ్లీ రాస్తాం."

18 రోజుల పనికి 20 అని రాయడంలో కాస్త జాగ్రత్త ఉంది. ఇంకోసారి గడువు తప్పితే మొదటి క్షమాపణా చెల్లదు. మూలనున్న 14 మందికి "పంపించాం అన్న మెసేజ్ తప్పు, పొట్లం ఇంకా మా దగ్గరే ఉంది" అని రాసి, ఆ సాయంత్రమే వదిన ఆటోలో పొట్లాలన్నీ కొరియర్ ఆఫీసుకు మోసుకెళ్లి స్కాన్ చేయించింది. పడుగెక్కని ఏడుగురికీ ఫోన్లు చేసింది.

13 మందిలో ఎనిమిది మంది డబ్బు వెనక్కి తీసుకున్నారు. పేమెంట్ గేట్‌వే ఫీజు తిరిగి రాలేదు, అది వదిన నెత్తినే పడింది. శుక్రవారానికి చెప్పడానికి కొత్త సంగతేమీ లేదు. అయినా రాసింది: "నేత సాగుతోంది, చెప్పిన తేదీ మారలేదు."

ఈ ఏడు జూలై నుంచే సైటులో గడువు మూడు వారాలని పెట్టింది. 'పంపించాం' అన్న మెసేజ్ స్కాన్ పడ్డాకే వెళ్లేలా మార్పించింది.