గేట్ పోయింది... స్టేటస్ ఏం పెట్టాలి?

2025 గేట్ ఫలితాలు వచ్చిన సాయంత్రం పద్మనాభం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఈసీ పేపర్‌లో 22 మార్కులు, జనరల్ కటాఫ్ 25. ‘అన్నా, స్టేటస్ ఏం పెట్టను?’

మొదట ‘అంతా మన మంచికే’ అని రాశాడట. నాకే నమ్మబుద్ధి కాలేదు. రెండోది ‘నా తలరాత ఇంతే’. దాని కింద ఓదార్పులు తప్ప ఏమొస్తాయి?

ముందు రెస్పాన్స్ షీట్ తీసి కీతో పోల్చమన్నాను. రెండు మార్కుల మల్టిపుల్ చాయిస్ ప్రశ్నల్లో తెలియనివి ఆరింటికి ఊహించి పెట్టాడు. ఆరూ తప్పే. ఒక్కోదానికి మార్కులో మూడింట రెండొంతుల కోత, మొత్తం 4. వదిలేసి ఉంటే 26, కటాఫ్ దాటేవాడు. (26తో మంచి సీటు కష్టమే. అదీ చెప్పాను.) తలరాత మాట అక్కడే కొట్టేశాడు.

చివరికి పెట్టింది ఇది: ‘గేట్‌లో 22. కటాఫ్ 25. తెలియనివి ఊహించి 4 మార్కులు పోగొట్టుకున్నా. బాధగానే ఉంది. సిగ్నల్స్ నాకింకా సరిగ్గా రావు, ఈ వేసవంతా అదే పని. ఫిబ్రవరిలో మళ్లీ రాస్తా.’

‘ర్యాంకు కొడతా’ అని కూడా చేర్చబోతే తీయించాను. రాయడం వాడి చేతిలో ఉంది, ర్యాంకు లేదు.

రాత్రికి కాలేజీ సీనియర్ నుంచి మెసేజ్ వచ్చింది: ‘సిగ్నల్స్ నోట్స్ నా దగ్గరున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.’