శ్రావణంలో జాకెట్టు ఒప్పుకునే ముందు

శ్రావణమాసం రాగానే ఇంట్లో మెషిన్ పెట్టుకుని కుట్టే అక్కల దగ్గర జాకెట్టు ముక్కలు గుట్టలు పడతాయి. చాలామంది రోజులు లెక్కపెట్టి ఒప్పుకుంటారు: "ఇంకా వారం ఉందిగా!" కానీ లెక్కపెట్టాల్సింది గంటలు.

ఒకామె రోజుకు 6 గంటలు, వారానికి 6 రోజులు కుడుతుందనుకుందాం. మొత్తం 36 గంటలు. కరెంటు పోవడానికి, బిగుతయ్యాయని తిరిగొచ్చే జాకెట్లకు 6 గంటలు పక్కనపెడితే మిగిలేవి 30. ఒక లైనింగ్ జాకెట్టుకు కటింగ్, కుట్టు, హుక్కులు, చేతికుట్టు కలిపి రెండున్నర గంటలు. ఇప్పటికే 11 ఒప్పుకుంది కాబట్టి ఇరవై ఏడున్నర గంటలు నిండిపోయాయి. ఇంకొక్కటే పడుతుంది. హుక్కులు, చేతికుట్టు లెక్కలో వదిలేసిన వాళ్లే ఎక్కువగా రాత్రిళ్లు మేలుకుంటారు.

ఇంతలో పక్కింటి వదిన నాలుగు జాకెట్లు తెచ్చింది. "చూస్తాలే" అంటే ఆమె చెవికి అది ఒప్పుకున్నట్టే. ముక్కలు తీసి లోపల పెట్టుకున్నా అంతే. అందుకే బట్ట చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి:

"వదినా, ఈ వారం ఒక్కటే కుట్టగలను. వ్రతానికి కట్టుకునే చీరదైతే అదివ్వండి. మిగతా మూడూ వచ్చే సోమవారం తీసుకురండి, శుక్రవారానికి ఇచ్చేస్తా. అంతకన్నా ముందే కావాలంటే, వేరేచోట అడిగినా నేనేమీ అనుకోను."

బతిమాలినా తేదీ మార్చకూడదు. మార్చాలంటే ముందు ఒప్పుకున్నవాళ్లలో ఒకరికి ఫోన్ చేసి, వాళ్లు ఆగుతామన్నాకే మార్చాలి.