చెవి బాగానే ఉంది, మరి నొప్పి ఎక్కడిది?

మందుల సాయం కోసం మా సంఘానికి తెచ్చే చీటీలలో చెవి చుక్కల మందు తరచుగా ఉంటుంది. ఒకే మనిషి రెండు మూడు నెలలు అదే చీటీ తెస్తే, డాక్టరుగారు చెవిలోకి చూసి ఏమన్నారని మేము అడుగుతాం. “చెవిలో ఏమీ లేదన్నారు, కానీ నొప్పి పోవడం లేదు” అని కొందరు చెబుతారు. అలాంటి నొప్పికి ఎన్ని చుక్కలు వేసినా లాభం ఉండదు. దాతలు ఇచ్చిన సొమ్ము కంటే పెద్ద నష్టం, చేతిలోంచి జారిపోయే కాలం.

చెవికి వచ్చే నరాలు చెవికి మాత్రమే సొంతం కావు. కింది పళ్లకు, దవడ కీలుకు వెళ్లే నరం నుంచి ఒక కొమ్మ చెవి ముందు భాగానికి వస్తుంది. టాన్సిల్స్‌కు, నాలుక మొదలుకు వెళ్లే నరం మరో కొమ్మను చెవి లోపలికి పంపుతుంది. స్వరపేటికకు, దాని వెనుక మింగే దారికి వెళ్లే నరం కూడా చెవి రంధ్రంలోకి ఒక కొమ్మను పంపుతుంది. గుబిలి తీస్తున్నప్పుడు కొందరికి హఠాత్తుగా దగ్గు వచ్చేది ఈ నరం వల్లనే. అందుకే గొంతులోనో పంటిలోనో పుట్టిన నొప్పిని మెదడు చెవి నొప్పిగా పొరబడుతుంది.

చెవిలోనే చీము పట్టి ఉంటే సాధారణంగా చెవి కారడమో, వినికిడి మందగించడమో, జ్వరమో ఉంటుంది. రంధ్రంలో వాపు ఉంటే చెవి తమ్మెను లాగినప్పుడు నొప్పి పెరుగుతుంది. ఇవేవీ లేక, కర్ణభేరి కూడా శుభ్రంగా ఉంటే వెతకవలసింది వేరేచోట.

ఎక్కువమందిలో కారణం పన్ను లేదా దవడే. చల్లని నీళ్లకు, వేడి చాయ్‌కి పన్ను జివ్వుమన్నా, రాత్రి పడుకున్నాక పోటు పెరిగినా ముందు పంటి డాక్టరుకు చూపించాలి. పుచ్చిన కింది దంతం, సగం మొలిచిన జ్ఞానదంతం ఇలా చెవిని నొప్పిస్తాయి. నమిలినప్పుడు నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్కుమనే చప్పుడు ఉంటే దవడ కీలును అనుమానించాలి. రోజంతా పాన్, వక్క నమిలేవారికి ఆ కీలు, దాని కండరాలు అలసిపోతాయి. కొన్ని వారాలు మెత్తని తిండి తిని, వెచ్చని కాపడం పెట్టి, వక్క మానేస్తే చాలామందికి తగ్గుతుంది. సొంత వేళ్లు మూడు నిలువుగా నోట్లో పట్టకపోతే మాత్రం నోరు బిగుసుకుంటోందని అర్థం. అప్పుడు నోటి పరీక్ష తప్పనిసరి.

భయపడవలసిన రకం వేరు. లాడ్ బజారులో లక్క గాజులు చేసే యాభై ఏళ్ల మనిషి ఒకరిని ఊహించుకుందాం. ఇరవై ఏళ్లుగా జర్దా, బీడీ అలవాటు. రెండు నెలలుగా కుడి చెవి నొప్పి. మూడు రకాల చుక్కలు, వెల్లుల్లి కాచిన నూనె అయిపోయాయి. చెవి శుభ్రంగా ఉంది, వినికిడి పరీక్ష బాగుంది, పళ్లలో లోపం లేదు, నోరు మూడు వేళ్లకు తెరుచుకుంటుంది. కానీ రొట్టె మింగేటప్పుడు ఆ చెవిలోనే పోటు వస్తుంది. ఈ ఒక్క మాటతో డాక్టరు దృష్టి గొంతు మీదికి మళ్లాలి. టార్చిలైటుతో నోట్లోకి చూస్తే స్వరపేటిక పక్కనున్న గుంట కనిపించదు. ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టం పంపితే అక్కడ ఒక పుండు కనిపించవచ్చు. దాని ముక్క తీసి పరీక్షిస్తేనే అది క్యాన్సరో కాదో తేలుతుంది. గొంతులో బాధ పెద్దగా లేకుండా, ఒక్క చెవి నొప్పితోనే ఈ జబ్బు మొదట బయటపడడం కద్దు.

నలభై దాటినవారికి, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారికి, ఒకే చెవిలో నొప్పి మూడు వారాలు దాటితే ఆలస్యం చేయరాదు. మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా, బరువు తగ్గినా ఇంకా త్వరపడాలి. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి మన పేటలకు దూరం కావు. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. మొదటిసారి ఏమీ కనిపించకపోయినా, నొప్పి అలాగే ఉంటే మళ్లీ చూపించాలి. నాలుక మొదట్లో లోతుగా దాగిన గడ్డ కెమెరాకు అందక స్కానింగులో తేలవచ్చు.

కాబట్టి మీ ఇరుగుపొరుగులో ఎవరైనా మరో సీసా చెవి చుక్కలకు సాయం అడిగితే ఇవ్వండి. ఇస్తూనే, “మింగేటప్పుడు చెవిలో పోటు వస్తుందా? గొంతు లోపల కెమెరాతో చూశారా?” అని కూడా అడగండి. చూడలేదంటే, సీసా ఖర్చుతో పాటు కోఠీ దాకా ఆటో ఖర్చు కూడా ఇచ్చి పంపండి.