యాడ్ రిపోర్టులో ఆ సున్నా నిజమేనా?

డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి చాలాచోట్ల ముందుగా అప్పగించే పని రోజువారీ యాడ్ రిపోర్టు. లెక్కలు వాటంతట అవే వచ్చి పడతాయి, మనం చేసేదేముంది అనుకుంటారు. లెక్క రాని రోజున ఏం చేయాలో తెలిసినవారికే అక్కడ విలువ. ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

మహబూబ్‌నగర్‌లో నారాయణపేట చీరలు అమ్మే షాపు ఒకటి ఉందనుకోండి. ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి రోజుకు రూ.2,000, గూగుల్ యాడ్స్‌కి రూ.1,000 పెడుతోంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మెటా కంపెనీవే కాబట్టి వాటి లెక్క ఒకేచోట నుంచి వస్తుంది. మామూలు రోజున మెటా నుంచి 8, గూగుల్ నుంచి 7, మొత్తం 15 ఆర్డర్లు. అంటే ఒక్కో ఆర్డరుకు యాడ్ ఖర్చు రూ.200.

ఈ రిపోర్టు చూసుకునే బాధ్యత మీది. రోజూ పొద్దున 7 గంటలకు నిన్నటి లెక్క ఆటోమేటిక్‌గా తయారై యజమాని వాట్సాప్‌కి వెళ్తుంది. దసరాకు వారం ముందు, ఒక శుక్రవారం ఆయన ఫోన్‌లో ఇలా కనిపించింది: ‘మెటా ఖర్చు 0, ఆర్డర్లు 0. గూగుల్ ఖర్చు రూ.980, ఆర్డర్లు 7. ఒక్కో ఆర్డరుకు ఖర్చు రూ.140.’

వెంటనే మీకు ఫోన్. “తమ్మీ, ఖర్చు తగ్గింది, మంచిదే. ఫేస్‌బుక్ ఎట్లాగూ నడుస్తలేదు కదా, ఆ రెండు వేలు గూగుల్‌లనే పెట్టు.”

ఆయన తప్పేం లేదు. చేతిలో ఉన్న కాగితం అదే చెప్పింది. అసలు సంగతి వేరు. గురువారం మెటా యాడ్స్ బాగానే నడిచాయి. రూ.1,960 ఖర్చయింది, 9 ఆర్డర్లు వచ్చాయి. రెండూ కలిపితే 16 ఆర్డర్లు, ఒక్కోదానికి రూ.184. రిపోర్టును నమ్మి మెటా బంద్ చేస్తే, పండగ వారంలో సగానికి పైగా ఆర్డర్లు తెచ్చే దారి మూసుకుపోతుంది.

కనెక్షన్ ఎక్కడ తెగింది?

రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మెటా ఖాతాలోకి వెళ్లాలంటే టోకెన్ కావాలి. అది గేట్ పాస్ లాంటిది. ఒక మనిషి ఫేస్‌బుక్ ఖాతాతో తీసుకున్న టోకెన్ ఎక్కువ గడువుదైనా సుమారు 60 రోజులే పనిచేస్తుంది. ఆ మనిషి పాస్‌వర్డ్ మార్చుకున్నా అది చెల్లదు. మన షాపులో జరిగింది ఇదే. గురువారం రాత్రి యజమాని కొడుకు పాస్‌వర్డ్ మార్చాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ లెక్క అడిగినప్పుడు మెటా నుంచి 190 నంబరు ఎర్రర్ వచ్చింది. టోకెన్ చెల్లదని దాని అర్థం.

ఎర్రర్ రావడం పెద్ద సమస్య కాదు. అంకె రానిచోట షీట్ దానంతటదే 0 నింపుకోవడమే సమస్య. ‘ఖర్చు కాలేదు’ వేరు, ‘ఎంత ఖర్చయిందో తెలియదు’ వేరు. షీట్‌లో రెండూ ఒకేలా కనిపించాయి. కాబట్టి మొదటి నియమం: రాని లెక్కకు గడి ఖాళీగా ఉంచాలి, సున్నా వేయొద్దు.

కొన్ని షీట్లు సున్నా కూడా వేయవు. కొత్త లెక్క రాకపోతే ముందురోజు అంకెలే మళ్లీ చూపిస్తాయి. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడటానికి అంతా మామూలుగానే ఉంటుంది. దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. వరుసగా రెండు రోజులు ఖర్చు, క్లిక్‌లు, ఆర్డర్లు మూడూ రూపాయి తేడా లేకుండా ఒకేలా ఉంటే అది పాత లెక్కేనని అనుమానించండి. నడుస్తున్న యాడ్స్‌లో అలా జరగడం చాలా అరుదు.

నిజమైన సున్నా కూడా ఉంటుంది

సున్నా కనిపించిన ప్రతిసారీ కనెక్షన్ తెగిందని రాసేయొద్దు. కార్డు పేమెంట్ ఫెయిలై యాడ్స్ ఆగిపోయి ఉండొచ్చు. ప్లాట్‌ఫామే ఆగిపోయి ఉండొచ్చు. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. యాప్‌లే తెరుచుకోనప్పుడు యాడ్ చూసేదెవరు? ఆ గంటల్లో తక్కువ ఖర్చు నిజమైన లెక్కే.

తేడా తెలుసుకోవడానికి దగ్గరి దారి, ప్లాట్‌ఫామ్‌లోనే నేరుగా చూడటం. మెటా యాడ్స్ మేనేజర్ తెరిచి అదే తేదీ పెట్టండి. అక్కడ ఖర్చు కనిపించి మీ షీట్‌లో లేకపోతే తెగింది కనెక్షన్. అక్కడా సున్నాయే ఉంటే ఆగింది యాడ్. మొదటిదానికి టోకెన్ మార్చాలి, రెండోదానికి యజమానికి వెంటనే ఫోన్ చేయాలి.

ఆ రాత్రి నుంచి నేర్చుకోవాల్సిందింకోటి ఉంది. మెటా ఆగిందన్న హెచ్చరికను వాట్సాప్‌లోనే పంపేలా పెట్టుకుంటే ఆ హెచ్చరికా ఆగిపోతుంది. ఈమెయిల్ లాంటి వేరే దారి ఒకటి ఉంచుకోవాలి.

లెక్క వచ్చింది, కానీ సగమే

కొన్నిసార్లు కనెక్షన్ బాగానే ఉంటుంది, లెక్క మాత్రం పూర్తిగా రాదు. దీనికి మామూలుగా రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, పేజీలు. మెటా నుంచి యాడ్స్ జాబితా అడిగితే అన్నీ ఒకేసారి ఇవ్వదు. సంఖ్య చెప్పకపోతే సాధారణంగా 25 వరుసలిచ్చి, మిగతావి తర్వాతి పేజీలో ఉన్నాయంటుంది. షాపుకు 40 యాడ్స్ ఉండి, సాఫ్ట్‌వేర్ మొదటి పేజీతోనే సరిపెట్టుకుంటే 15 యాడ్స్ ఖర్చు లెక్కలోకి రాదు. ఎర్రర్ కూడా కనిపించదు. కాబట్టి ఖాతా మొత్తం ఖర్చును విడిగా అడిగి, యాడ్ వారీ ఖర్చుల కూడికతో పోల్చండి. పెద్ద తేడా ఉంటే ఏవో వరుసలు రాలేదన్నమాట.

రెండోది, ఆలస్యం. ఖర్చు, క్లిక్‌ల లెక్క సాధారణంగా కొన్ని గంటల్లోనే వచ్చేస్తుంది. ఆర్డర్ల లెక్క అలా కాదు. గూగుల్ యాడ్స్ ఒక ఆర్డరును అది వచ్చిన రోజు కింద రాయదు, యాడ్ మీద క్లిక్ చేసిన రోజు కింద రాస్తుంది. నల్గొండలో ఒకావిడ బుధవారం యాడ్ నొక్కి చీర చూసి, ఇంట్లో అడిగి శనివారం కొన్నారనుకోండి. ఆ ఆర్డరు బుధవారం ఖాతాలో చేరుతుంది. గురువారం పొద్దున మీరు 7 ఆర్డర్లని పంపిన బుధవారం లెక్క ఆదివారానికి 9 అవుతుంది. మీరు పంపిన రోజున అది తప్పు కాదు, ఇంకా పూర్తికాలేదంతే.

ఎన్ని రోజులు ఆగాలన్నది షాపును బట్టి మారుతుంది. ఒక తేదీ ఆర్డర్ల సంఖ్యను మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు రాసిపెట్టుకోండి. రెండు మూడు వారాల్లో ఆ షాపు లెక్క ఎన్నాళ్లకు నిలకడగా ఉంటుందో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా ఆ రోజుల పక్కన ‘ఇంకా పెరగొచ్చు’ అని రాయండి.

షీట్‌లో ఇలా పెట్టుకోండి

దీనికి పెద్ద కోడింగ్ అక్కర్లేదు. షీట్‌లో రెండో వరుస మెటాకు, మూడో వరుస గూగుల్‌కు ఇవ్వండి. B కాలమ్‌లో ఏ తేదీ వరకు లెక్క వచ్చిందో, C కాలమ్‌లో ఖర్చు ఉంచండి.

```
=IF(B2<TODAY()-1,"పాత లెక్క","సరే")
=IF(COUNT(C2:C3)<2,"మొత్తం ఇవ్వలేం",SUM(C2:C3))
```

మొదటి ఫార్ములా నిన్నటి వరకు లెక్క రాకపోతే హెచ్చరిస్తుంది, తేదీ ఖాళీగా ఉన్నా పట్టుకుంటుంది. రెండోది, రెండు ఖర్చుల్లో ఒకటి ఖాళీగా ఉన్నా మొత్తం చూపించదు. ఇది చాలా ముఖ్యం. సగం లెక్కతో కూడిన మొత్తం, దాని మీద తీసిన సగటు చూసే కదా మన యజమాని మోసపోయింది! అయితే ఖాళీ ఉండాల్సిన చోట 0 పడితే రెండో ఫార్ములా కూడా ఏమీ చేయలేదు. షీట్ తేదీ మన టైమ్ జోన్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

యజమానికి ఏం రాయాలి?

‘టెక్నికల్ ఇష్యూ వల్ల డేటా డిలే’ అని రాస్తే ఆయనకేం అర్థమవుతుంది? ఏది రాలేదు, ఎప్పటివరకు వచ్చింది, యాడ్స్ నడుస్తున్నాయా, తను ఏం చేయాలి, సరైన లెక్క ఎప్పుడొస్తుంది: ఇవి తెలియాలి. ఆ శుక్రవారం వెళ్లాల్సిన మెసేజ్ ఇది:

“మెటా లెక్క బుధవారం వరకే వచ్చింది. పాస్‌వర్డ్ మారడంతో కనెక్షన్ తెగింది. యాడ్స్ మాత్రం నడుస్తున్నాయి, నేరుగా చూశాం. అందుకే ఈరోజు మొత్తం ఇవ్వడం లేదు. బడ్జెట్ ఏమీ మార్చకండి. 11 గంటలకల్లా పూర్తి లెక్క పంపుతాం.”

ఇది మెసేజ్‌లో పైనే ఉండాలి. అంకెల కింద చిన్న అక్షరాల్లో పెడితే ఎవరూ చూడరు. అలాగని రోజూ ప్రతిదానికీ ఎర్ర గుర్తు పెడితే నాలుగో రోజు నుంచి దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. నిర్ణయం మారే చోటే గట్టిగా చెప్పండి. ఆర్డర్లు ఒకటీ రెండూ పెరగొచ్చన్నదానికి పక్కన చిన్న మాట చాలు.

కనెక్షన్ సరిచేశాక కొత్త రోజు లెక్కతోనే ఆపొద్దు. తెగిన రోజుల లెక్కను మళ్లీ తెప్పించి, ‘సరిచేసినది’ అని రాసి పంపండి. లేదంటే నెలాఖరు రిపోర్టులో ఆ గురువారం సున్నాగానే మిగిలిపోతుంది.

చదువుతూనే ప్రయత్నించొచ్చు

నల్గొండ ఎంజీ యూనివర్సిటీలో ఉన్నా, పాలమూరు యూనివర్సిటీలో ఉన్నా దీనికి ల్యాప్‌టాప్, గూగుల్ షీట్ చాలు. రెండు వారాల ఉత్తుత్తి లెక్క రాసుకోండి. ఒకరోజు గడి ఖాళీ చేయండి, ఒకరోజు ముందురోజు అంకెలే వేయండి, ఒకరోజు సగం వరుసలు తీసేయండి. మీ షీట్ ఎన్నింటిని పట్టుకుందో చూడండి. గూగుల్ కనెక్షన్‌ను సొంతంగా రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: మీ ప్రాజెక్టు ‘Testing’ స్థితిలో ఉంటే అనుమతి 7 రోజులకే ముగుస్తుంది. ఎనిమిదో రోజు లెక్క రాలేదంటే ముందు అక్కడే చూడండి.

ఇంటర్వ్యూలో ‘నిన్నటి మెటా ఖర్చు సున్నా వచ్చింది, ఏం చేస్తారు?’ అని అడిగితే బడ్జెట్ మారుస్తానని మొదలుపెట్టొద్దు. యాడ్స్ మేనేజర్ తెరిచి అదే తేదీ చూస్తానని మొదలుపెట్టండి. ఆ తర్వాత యజమానికి పంపే ఆ ఆరు వాక్యాలు చెప్పండి.