సబ్జెక్టు లైన్‌లో నాలుగు గుర్తులు

కరెంటు బిల్లు మెయిల్ వస్తుంది. గడువు పన్నెండో తేదీ. సాయంత్రం కడదాంలే అనుకుంటాం. సాయంత్రానికి దాని మీద మరో ముప్పై మెయిళ్లు వచ్చి పడతాయి. మళ్లీ బిల్లు గుర్తొచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

చేయాల్సిన పనులు రాసిపెట్టుకునే యాప్‌లు దీనికో దారి చూపాయి. ఆస్ట్రేలియాలో పుట్టి 2005 నుంచి నడుస్తున్న 'రిమెంబర్ ద మిల్క్' సంగతే చూద్దాం. ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ అది విడిగా ఒక ఈమెయిల్ అడ్రస్ ఇస్తుంది. ఏ మెయిల్‌నైనా ఆ అడ్రస్‌కి ఫార్వర్డ్ చేస్తే చాలు, సబ్జెక్టు పని పేరవుతుంది, లోపలి విషయం దాని కింద నోట్‌గా చేరుతుంది.

కిటుకంతా సబ్జెక్టు లైన్‌లోనే ఉంది. ఫార్వర్డ్ నొక్కగానే అక్కడ కంపెనీవాళ్లు పెట్టిన పేరే కనిపిస్తుంది. దాన్ని చెరిపేసి, మీరు చేయాల్సిన పనిని రాయండి:

```
Pay current bill ^12 April !1 #Home
```

`^` తర్వాత రాసింది గడువు. `!1` అంటే అన్నిటికన్నా ముందు చూడాల్సిన పని. `#Home` అంటే 'హోమ్' అనే జాబితాలో వేయమని. నెలనెలా కట్టేదైతే చివర `*monthly` చేర్చండి.

తేడా వచ్చేది ఎక్కువగా `#` దగ్గరే. ఆ పేరుతో జాబితా లేకపోతే యాప్ దాన్ని ట్యాగ్ అనుకుంటుంది. `#Home` బదులు `#Hmoe` అని పడిందనుకోండి, పని 'హోమ్'లోకి వెళ్లదు, ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. ఎప్పుడూ వినని ట్యాగ్ ఒకటి కనిపించిందంటే స్పెల్లింగ్ తప్పిందని అర్థం. పాత సబ్జెక్టును చెరపకుండా పంపినా ఇదే చిక్కు. షాపింగ్ మెయిల్‌లోని `Order #4521` కూడా దానికి ఆదేశంలాగే కనిపిస్తుంది.

ఈ గుర్తులు అన్ని యాప్‌లకూ ఒకటి కావు. 'టూడుల్‌డూ'లో `#` గడువుకి, `*` ఫోల్డర్‌కి. యాప్ మారితే చేతి అలవాటూ మార్చుకోవాలి.

ఇంకో సంగతి. యాప్‌లోకి చేరేది ఆ మెయిల్ నకలు మాత్రమే. తర్వాత వచ్చే జవాబులు అక్కడికి రావు. పైగా ఆ అడ్రస్ తెలిసినవాళ్లెవరైనా మీ జాబితాలో పనులు వేయగలరు. అందుకే నలుగురికీ వెళ్లే మెయిల్‌లో దాన్ని సీసీలో పెట్టకండి.

మొదటిసారి మాత్రం బిల్లుతో మొదలుపెట్టొద్దు. ఉత్తుత్తి పనొకటి పంపి, తేదీ, జాబితా సరిగ్గా పడ్డాయో లేదో యాప్ తెరిచి చూసుకోండి.