బోలు ఇటుకలో పట్టు దొరికేదెలా?

డ్రిల్లు కాస్త దిగగానే ఖాళీలోకి జారి, మళ్లీ దేనికో తగిలిందా? అది బోలు ఇటుక. లోపలి మట్టి పలకలు సుమారు సెంటీమీటరు మందమే ఉంటాయి.

మామూలు పొట్టి గిట్టి మొదటి పలకనే పట్టుకుంటుంది. పుస్తకాలు నిండిన షెల్ఫు బరువుకు అది మెల్లగా ఊడొస్తుంది. రెండు మూడు పలకలను పట్టే పొడవైన నైలాన్ ప్లగ్గు కావాలి. 10 మిల్లీమీటర్ల మందం, 80 పొడవు ఉన్నదానికి సాధారణంగా 7 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. స్క్రూ కొన ప్లగ్గు చివర దాటాలి, లేకపోతే లోపలి భాగం విచ్చుకోదు.

హ్యామర్ మోడ్ తప్పనిసరిగా ఆపేయాలి. ఆ దెబ్బలకు పలకలు పగిలితే ఏ ప్లగ్గూ నిలవదు.

బిగించేటప్పుడు స్క్రూతో పాటు ప్లగ్గూ తిరుగుతుంటే అక్కడితో ఆపండి. జాలీ గొట్టం పెట్టి, రసాయన జిగురు నింపి, అది గట్టిపడ్డాకే షెల్ఫు తగిలించండి.