జవాబులోనే వెతుకుదాం: బైనరీ సెర్చ్ మరో ఉపయోగం



బైనరీ సెర్చ్ అనగానే మనకు గుర్తొచ్చేది వరుసలో పేర్చిన సంఖ్యలు. మధ్య సంఖ్యను చూడటం, కావలసింది చిన్నదైతే ఎడమవైపుకు, పెద్దదైతే కుడివైపుకు వెళ్ళటం. డిగ్రీలో మేమూ అంతే నేర్చుకున్నాం. పేర్చిన వరుస ఏదీ లేని చోట కూడా ఇది పనిచేస్తుందని పీజీలో చేరాకే తెలిసింది. ఆ సంగతి మనందరికీ తెలిసిన లెక్కతోనే చెబుతాం.

పరీక్షకు 3 రోజులుంది. చదవాల్సిన పాఠాలు 7. వాటి పేజీలు వరుసగా 12, 34, 20, 15, 28, 9, 22. మొత్తం 140. పాఠాలను వరుసగానే చదవాలి, ఒక పాఠాన్ని రెండు రోజులకు విడగొట్టకూడదు. ఏ రోజూ భారం ఎక్కువ కాకుండా, రోజుకు గరిష్ఠంగా ఎన్ని పేజీలు పెట్టుకుంటే సరిపోతుంది?

ఇక్కడ పాఠాలు సైజు వరుసలో లేవు, వాటిని పేర్చనూ కూడదు. కాబట్టి పాఠాల్లో కాదు, జవాబులో వెతుకుదాం. జవాబు 34 కంటే తక్కువ కాదు, ఎందుకంటే పెద్ద పాఠం ఒక్కరోజులో పూర్తి కావాలి. 140 కంటే ఎక్కువ అక్కర్లేదు. ఒక పరిమితి ఊహించుకుని, దానికి మించకుండా ఒక్కో రోజు పట్టినన్ని పాఠాలు నింపుకుంటూ పోయి ఎన్ని రోజులు పట్టాయో లెక్కిద్దాం. 60 పేజీలతో కుదిరితే 61తోనూ కుదురుతుంది. 47తో కుదరకపోతే 46తోనూ కుదరదు. అంటే 34 నుంచి 140 దాకా రాసుకుంటే మొదట అన్నీ ‘కాదు’లు, ఆ తర్వాత అన్నీ ‘అవును’లు. ఇదే మనకు కావలసిన వరుస. మొదటి ‘అవును’ ఎక్కడుందో పట్టుకోవడమే పని. పరిమితి పెరిగినప్పుడు ‘అవును’ మళ్ళీ ‘కాదు’గా మారే లెక్కల్లో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

```c
lo = 34; hi = 140;
while (lo < hi) {
    mid = lo + (hi - lo) / 2;
    if (rojulu(mid) <= d) hi = mid;
    else lo = mid + 1;
}
```

ఇందులో `d` మనకున్న రోజులు. `rojulu(mid)` అంటే ఆ పరిమితితో పట్టే రోజులు. d = 3 పెట్టి చేసి చూద్దాం. 87తో 2 రోజులే, అవును. 60తో 3 రోజులు, అవును. 47, 54, 57లతో 4 రోజులు, కాదు. 59తో మొదటి రోజు 46, రెండో రోజు 35, మూడో రోజు 59 పేజీలు, అవును. 58తో 4 రోజులు, కాదు. జవాబు 59. సాధ్యమైన 107 సంఖ్యల్లో 7 పరీక్షలతోనే దొరికింది.

ఇక అసలు చిక్కు ఒకటి తేడాలో ఉంది. ల్యాబ్‌లో మేము `hi = mid` బదులు `hi = mid - 1` అని రాశాం. 3 రోజులకు 59 వచ్చింది. సరిగానే ఉందని సంబరపడ్డాం. 4 రోజులకు నడిపితే 45 వచ్చింది. కానీ 45 పేజీలతో మొదటి రెండు పాఠాలు కలవవు, 5 రోజులు పడతాయి. సరైన జవాబు 46. ప్రోగ్రామ్ 46ను పరీక్షించింది, ‘అవును’ అని తెలుసుకుంది, అయినా దాన్ని వెతికే హద్దు నుంచి బయటకు నెట్టేసింది! ‘అవును’ వచ్చిన సంఖ్యే జవాబు కావచ్చు కనుక దాన్ని హద్దులోనే ఉంచాలి. ‘కాదు’ వచ్చిన సంఖ్య ఎప్పటికీ జవాబు కాదు కనుక దాన్ని వదిలేయాలి. అందుకే `lo = mid + 1`. అక్కడ `lo = mid` అని రాస్తే చివర్లో lo 58, hi 59 మిగిలి, మధ్య సంఖ్య మళ్ళీమళ్ళీ 58 అవుతూ ప్రోగ్రామ్ ఆగదు.

మధ్య సంఖ్యకు `(lo + hi) / 2` అని ఎందుకు రాయలేదని అడగవచ్చు. చిన్న సంఖ్యలకు అదీ సరే. రెండూ పెద్దవైతే మొత్తం 2147483647 దాటి, 32 బిట్ల int ఋణ సంఖ్యగా మారిపోవచ్చు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ తప్పు ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా వెల్లడించారు.

వచ్చిన జవాబును నమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి. ఆ సంఖ్యతో ‘అవును’ రావాలి, దానికంటే ఒకటి తక్కువతో ‘కాదు’ రావాలి. మా 45 మొదటి పరీక్షలోనే దొరికిపోయేది. అయితే జవాబు మొదటి హద్దు 34తో సమానమైతే రెండో పరీక్ష అక్కర్లేదు.

ఇప్పుడు కాగితం మీద 5 రోజులకు మీరే చేయండి. 35 రావాలి. 34తో ఎందుకు కుదరదో కూడా రాసి చూడండి.